తలకిందుల ముఖాలు

బస్సు డిపోలో పనిముట్ల గది కిటికీ దగ్గర పంతొమ్మిదేళ్ళుగా కూచున్న మనిషిని అందరూ స్టోరక్క అనేవారు. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళూ అక్క అనే పిలిచేవారు. కొత్తగా చేరిన మేనేజరు మొదట్లో పేరు పెట్టి పిలవబోయి, ఎవరికీ ఆ పేరు తెలియకపోవడంతో తనూ దారికొచ్చాడు.

పని చాలా సాదా. మెకానిక్కు వచ్చి తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ కిటికీలో పెట్టాలి. అక్క గోడమీది మేకునుంచి పనిముట్టు తీసిచ్చి, ఆ మేకుకే బిళ్ళ తగిలించాలి. ఏ పనిముట్టు ఎవరి దగ్గరుందో గోడ చూస్తే చాలు. రూలంటే అదీ. రూలు చచ్చి చాలా కాలమైంది. సీనియర్లకి బిళ్ళ మోసుకురావడం నామోషీ. అందరికంటే ముందు మానేసినవాడు గ్రీజుబాబాయి. ముప్పై ఏళ్ళ సర్వీసు, బస్సు కిందే పుట్టాడా అన్నట్టుంటాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ చేతులూపుకుంటూ రావడం మొదలెట్టారు. అక్క కూడా సరేనంది. నలభై మంది ముఖాలు, ఎవరు ఏం పట్టుకెళ్ళారో, అన్నీ తలలో పెట్టుకోగలనని ఆమెకు లోలోపల గర్వం. అలాంటి గర్వాలు మనకందరికీ ఉంటాయి. తల బాగున్నంతకాలం బాగానే ఉంటాయి.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున తల దువ్వుకుంటుంటే పుర్రె వెనక ఎవరో గునపం దించినట్టయింది. మెదడు వెనక భాగానికి నెత్తురు తీసుకెళ్ళే నాళాల్లో గడ్డ అడ్డుపడిందని ఆసుపత్రిలో చెప్పారు. తొమ్మిది రోజులు ఉంచారు. కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి, మాట నిలకడగా ఉంది, కాబట్టి చూడొచ్చిన ప్రతివాడూ అదృష్టవంతురాలివి అన్నాడు. కళ్ళ డాక్టరు గోడమీది అక్షరాలు చదివించాడు. చిట్టచివరి వరస దాకా చదివింది. ఎడమవైపు పైమూల కొంత చూపు పోయిందనీ, రంగులు తెలియడం లేదనీ రాసుకుని, అక్షరాలు చదివే చూపు పూర్తిగా బాగుందని చీటీ ఇచ్చాడు. ఆ చీటీయే తర్వాత ఆమె మెడకు చుట్టుకుంది.

ముఖాలు పోయాయన్న సంగతి ఆమెకు ఆడపడుచు వల్ల తెలిసింది. మూడోరోజు ఆడపడుచు వచ్చి మంచం పక్కన నిలబడితే, స్టోరక్క ఆమెను ఎగాదిగా చూసి, సెలైను అయిపోవచ్చింది సిస్టర్ అంది. ఆడపడుచు మాట్లాడకుండా వరండాలోకి వెళ్ళి అన్నయ్యతో, వదినకి జబ్బులో కూడా పొగరు తగ్గలేదని గట్టిగానే అంది. ఆ గొంతు వినబడగానే మనిషి ఎవరో తెలిసిపోయింది. ఇందాక చూసిన ముఖాన్ని మళ్ళీ మనసులోకి తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. కళ్ళు చూసింది, ముక్కు చూసింది, నోరు చూసింది. మూడూ కలిసి ఒక మనిషి కాలేదు. గులకరాళ్ళ గుట్టలోంచి ఒక రాయి తీసి, నిన్న చూసిన రాయి ఇదేనా అని అడిగితే ఎలా ఉంటుందో, ఇప్పుడు ప్రతి ముఖమూ అలా ఉంది.

ఇంటికొచ్చాక భర్త ఒక్కడికే చెప్పింది. ఆయన దర్జీ. కొలతల టేపు మెడలో ఉంటే ఆయన, లేకపోతే ఎవరో. ఆయన ఆ రోజునుంచి అన్నం తినేటప్పుడు కూడా టేపు తీయడం మానేశాడు. కూతురు మెట్లు ఎక్కే తీరులో ఒక చిన్న గెంతు ఉంది, దాన్నిబట్టి పోల్చుకునేది. వస్తువులతోనూ తంటానే. గరిటెను చూస్తే పొడుగ్గా ఏదో, చివర గుండ్రంగా ఏదో. చేత్తో పట్టుకుంటే ఠక్కున గరిటె. అందుకే పనిలోకి వెళ్ళగలననుకుంది. పనిముట్లు చేతికి తెలుసు. మనుషుల్ని గొంతు చెబుతుంది. డిపోలో ఎవరికీ చెప్పొద్దని భర్త దగ్గర మాట తీసుకుంది. చెబితే ఇంట్లో కూచోబెడతారు, నాకు ఆ కిటికీ కావాలి అంది.

రెండు నెలలకు మళ్ళీ కిటికీ దగ్గర కూచుంది. గొంతు వినబడేదాకా ఎవరినీ పలకరించకుండా, అందరికీ ఒకే నవ్వు చూపించింది. తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకే నవ్వు. అది ఆమె చేసిన తప్పు. దాన్ని మనం కప్పిపుచ్చాల్సిన పనేమీ లేదు.

ఆరోరోజు గాలి కొట్టే కంప్రెసరు గది పక్కనే దడదడలాడుతోంది. పక్కమనిషి అరిచినా వినబడదు. వెనక్కి తిరిగి ఏదో సర్దుకుంటున్న స్టోరక్క ఇటు తిరిగేసరికి కిటికీలో ఒక మనిషి. నోటితో చెప్పి లాభం లేదని వేలితో టార్క్ రెంచి చూపించాడు. చక్రాల నట్లను ఎంత బిగించాలో అంతే బిగించే పొడుగాటి రెంచి అది, డిపో మొత్తానికి ఒక్కటే ఉంది. వేలు చూపిన మేకు దగ్గరికి వెళ్ళి, తడిమి, తీసిచ్చింది. బిళ్ళ అడిగితే, నేనెవరో తెలీదా అన్నట్టు చూస్తాడేమోనని భయం. నవ్వింది. అతనూ తలూపి వెళ్ళిపోయాడు.

రెంచి తిరిగి రాలేదు. మర్నాడు ఒక బస్సుకి చక్రాల నట్లు చేతి అంచనాతో బిగించారు. డిపో గేటు మలుపులో ముందు చక్రం ఊగి, ఊడి, గోడకి దొర్లింది. లోపల డ్రైవరు ఒక్కడే ఉన్నాడు, నుదురు చిట్లి రెండు కుట్లు పడ్డాయి. నలభై మంది ఎక్కాక అయ్యుంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు.

మేనేజరు ఆమెను పిలిచి, రెంచి ఎవరికిచ్చావని అడిగాడు. తెలియదంది. మూరెడు దూరంలో, పట్టపగలు, నువ్వే చేత్తో ఇచ్చి తెలియదంటావేమిటని మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పింది, రెండు నెలలుగా దాచినదంతా. మేనేజరు విని, పనిలో చేరేటప్పుడు ఆమే ఇచ్చిన కళ్ళ డాక్టరు చీటీ బల్ల సొరుగులోంచి తీసి ముందు పెట్టాడు. తర్వాత మెకానిక్కులందరినీ షెడ్డులో వరసగా నిలబెట్టి, వీళ్ళలో ఎవరో చూపించమన్నాడు. ఆమె ఆ వరస ముందు రెండుసార్లు నడిచింది. ఒక్కొక్కరి ముందు ఆగింది, కళ్ళలోకి చూసింది. నలభై జతల కళ్ళు, నలభై ముక్కులు. ఒక్కడూ నోరు విప్పలేదు. దొంగను కాపాడుతోందని అభియోగం రాసి, విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు.

యూనియన్ కార్యదర్శి మంచివాడే, కానీ తొందరమనిషి. చూపు మందగించిందని రాసిచ్చెయ్యమన్నాడు, అలాంటివి వాళ్ళకి అర్థమవుతాయి, ఈ ముఖాల గోల ఎవడికీ ఎక్కదు అన్నాడు. స్టోరక్క ఒప్పుకోలేదు.

“అక్షరాలన్నీ చదివాను తమ్ముడూ, ఆ కాగితం వాళ్ళ దగ్గరే ఉంది. ఒక్క అబద్ధం చెబితే నా నిజమంతా దాంతోపాటే కొట్టుకుపోతుంది. నాకున్నదేదో దానికో పేరుంటుంది. ఆ పేరు పట్టుకొస్తాను.”

పేరు కోసం ఆసుపత్రిలో నాలుగు రోజులు తిరిగింది. కళ్ళ విభాగం వాళ్ళు నరాల విభాగానికి పొమ్మన్నారు, నరాల విభాగం వాళ్ళు మందులు వాడుతున్నావా అని పంపేశారు. ఐదోరోజు నరాల విభాగం గుమ్మంలో బైఠాయించింది. చివరికి మెట్లకింద ఉన్న చిన్నగదిలో, మెదడు దెబ్బతిన్నవాళ్ళ జ్ఞాపకాలూ చూపూ మాటా పరీక్షించే ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. నడివయసు మనిషి, కుర్చీ నిండా కాగితాలు. డాక్టరమ్మా అంటే, నేను మందులిచ్చే డాక్టర్ని కానని సరిదిద్దింది. ఆ సరిదిద్దడం తర్వాత కూడా స్టోరక్క డాక్టరమ్మా అనే పిలిచింది.

ఆమె మొదట ఒక గీతల బొమ్మ ముందు పెట్టి, చూసి అలాగే గీయమంది. స్టోరక్క గీసింది. రెండు పొడుగాటి కాళ్ళు, మధ్యలో చిన్న చుక్క, పైన కోరల్లాంటి రెండు ముక్కలు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఇదేమిటని అడిగితే, కాళ్ళు బారచాపుకున్న పురుగేమో అంది. సైకాలజిస్టు సంచిలోంచి ఒక ఇనప వస్తువు తీసి ఆమె చేతిలో పెట్టింది. పట్టుకారు, అని వెంటనే చెప్పింది స్టోరక్క. నువ్వు గీసింది కూడా అదేనంటే మాత్రం చాలాసేపు కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది.

“కన్ను తెచ్చి ఇస్తోంది. చెయ్యి గీసేంత బాగా ఇస్తోంది,” అంది సైకాలజిస్టు. “ఆ వచ్చినదాన్ని ఇదివరకు తెలిసినదానితో కలిపే చోట దెబ్బ తగిలింది. మెదడు వెనక, అడుగున, రెండువైపులా. కుడివైపు ఎక్కువ. చేతినుంచి వచ్చే దారి వేరు, చెవినుంచి వచ్చే దారి వేరు. అవి బాగానే ఉన్నాయి. వస్తువులు గుర్తుపట్టలేకపోవడం కొంత, ముఖాలు గుర్తుపట్టలేకపోవడం బాగా. దానికి ముఖాంధత్వం అని పేరుంది. పుట్టుకతోనే ఉన్నవాళ్ళూ ఉంటారు.”

పేరు దొరికింది. స్టోరక్క దాన్ని కాగితం మీద రాయించుకుని మడిచి జాకెట్లో దోపుకుంది.

పరీక్షలు మూడు వారాలు నడిచాయి. ఒకరోజు సైకాలజిస్టు ఆమె వేళ్ళకి రెండు తీగలు చుట్టి ఫొటోలు చూపించింది. డిపోవాళ్ళవీ, ఇంట్లోవాళ్ళవీ, ముక్కూముఖం తెలియని వాళ్ళవీ కలిపేసి, జుట్టు కనబడకుండా కత్తిరించి చూపించింది. అన్నింటికీ స్టోరక్క తెలియదనే చెప్పింది. అంతా అయ్యాక సైకాలజిస్టు తెర తిప్పి చూపించింది. తెలియనివాళ్ళ ముఖాల దగ్గర గీత తిన్నగా పోయింది. డిపోవాళ్ళు రాగానే కొంచెం ఎగిరింది, ఒక ఫొటో దగ్గర బాగా ఎగిరింది. చర్మంలో కంటికి కనబడనంత చెమట పుట్టిందని దాని అర్థం. ఆ ఫొటో ఆమె భర్తది.

స్టోరక్క ఆ ఎగిరిన గీత మీద వేలు పెట్టింది. తర్వాత, “అంటే నా లోపల ఎక్కడో ఆయన తెలుసన్నమాట. నాకే చెప్పడం లేదు,” అంది.

ముఖాంధత్వం ఉన్న కొందరిలో ఇలా జరుగుతుందని సైకాలజిస్టు చెప్పింది. పాత ముఖాల గుర్తులు పూర్తిగా చెరిగిపోలేదు, అందులో కాస్తంత మనసు కదిలే చోటికి చేరుతోంది, ఎవరో తెలుసుకునే చోటికి మాత్రం చేరడం లేదు. ఆ సాయంత్రం స్టోరక్క ఇంటికెళ్ళి భర్తకి ఈ ముక్క చెబితే, ఆయన నవ్వి, పెళ్ళైన ఇన్నేళ్ళకి నన్ను చూస్తే నీకు చెమట పడుతుందని ఒప్పుకున్నావు, అదే చాలు అన్నాడు.

నివేదిక డిపోకి వెళ్ళింది. అసలు గొడవ అక్కడ మొదలైంది. మేనేజరు దానిలో మిగతా పదకొండు పేజీలు వదిలేసి ఆ చెమట పేజీ పట్టుకున్నాడు.

విచారణకి పైనుంచి వచ్చిన అధికారిని మెకానిక్కులు కళ్ళజోడు సారనేవారు. లావుపాటి అద్దాలు, పొడిమాటలు. నివేదిక రాసిన మనిషినే అడుగుతానని ఆయన ఆసుపత్రిలోని ఆ మెట్లకింది గదికే అందరినీ తీసుకొచ్చాడు. మేనేజరు, కార్యదర్శి, స్టోరక్క, సైకాలజిస్టు, ఆయన. ఇంకొకరు పట్టే చోటు లేదు.

“ఇదిగో సార్, వాళ్ళ రాతలోనే ఉంది,” అన్నాడు మేనేజరు. “మావాళ్ళ ఫొటోలు చూస్తే ఈవిడ చెయ్యి చెమర్చింది. నోరు తెలీదంటోంది, చెయ్యి తెలుసంటోంది. అబద్ధం పట్టే యంత్రం పట్టేసింది. ఇంకేం కావాలి మనకి?”

కార్యదర్శి లేవబోతే స్టోరక్క చెయ్యి పట్టి కూచోబెట్టింది. సైకాలజిస్టు అది అబద్ధం పట్టే యంత్రం కాదని చెప్పింది. నలభై మందినీ పంతొమ్మిదేళ్ళుగా ఎరిగున్న మనిషికి నలభై ఫొటోలకీ గీత ఎగురుతుంది, రెంచి పట్టుకెళ్ళినవాడు ఎవరో దానికేం తెలుసని అడిగింది. గీత ఎగిరిన సంగతి ఆమెకే తెలియదు, తెర చూస్తేగానీ నాకూ తెలియలేదు అంది.

కళ్ళజోడు సారు అంతా విని తల అడ్డంగా ఊపాడు. “మీరు చెప్పింది నిజమే కావచ్చు. ఈవిడ నటిస్తున్నా సరిగ్గా ఇలాగే ఉంటుంది. మాటలు వద్దు. నటన కాదని నాకు కళ్ళకి కట్టేది ఏదైనా ఉంటే చూపించండి.”

“అయితే ముందు మీరు కూచోండి సార్,” అంది సైకాలజిస్టు, తన కుర్చీ ఖాళీ చేస్తూ.

తెరమీద కోడిగుడ్డు ఆకారంలో ఒక ముఖం వస్తుంది. జుట్టు లేదు, చెవులు లేవు, అన్నీ తెలియనివాళ్ళ ముఖాలే. క్షణంలో పోయి ఇంకో ముఖం వస్తుంది. ఇద్దరూ ఒకరేనా, వేరా చెప్పాలి. అలా నలభై జతలు. తర్వాత ఇంకో నలభై జతలు, ఈసారి ముఖాలు తలకిందులుగా. కళ్ళజోడు సారు మొదటి నలభైలో ముప్పై ఎనిమిది సరిగ్గా చెప్పాడు. తలకిందుల వాటిలో ముప్పై ఒకటే వచ్చాయి. అద్దాలు తుడుచుకుని, మెడ వంచి చూడనివ్వలేదని ఫిర్యాదు చేశాడు. ఎవరికైనా తగ్గుతాయి సార్, అందరికీ అంతే, అంది సైకాలజిస్టు. మేనేజరు కూచున్నాడు. ముప్పై తొమ్మిది, ముప్పై.

స్టోరక్క కూచుంది. ఒకరే. వేరు. వేరు. ఒకరే. ఆమె గొంతులో వణుకు లేదు, విసుగుంది. తిన్నగా ఉన్న ముఖాలు నలభైలో ఇరవై మూడు. నాణెం ఎగరేసి చెప్పినా ఇరవై వస్తాయి. తలకిందుల ముఖాలు నలభైలో ఇరవై తొమ్మిది.

కళ్ళజోడు సారు ఆ రెండు అంకెల్నీ మళ్ళీ చదివాడు. “తారుమారుగా వేసినట్టున్నారు.”

“లేదు సార్. ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ తలకిందుల వాటిలోనే ఈవిడకి ఎక్కువ.”

ఎందుకో చెప్పమన్నాడు. సైకాలజిస్టు నిదానంగా చెప్పింది. మనం ముఖాన్ని ముక్కలుగా చూసి కూడబలుక్కోము. మొత్తం ఒక్క చూపులో పట్టేస్తాం. కళ్ళ మధ్య ఎంత ఎడం, ముక్కుకీ నోటికీ ఎంత దూరం, అన్నీ ఒకేసారి. తలకిందులు చేస్తే ఆ ఒడుపు పనిచెయ్యదు. అప్పుడు అందరం ముక్కలు పట్టుకుని వెతుక్కుంటాం, అందుకే మీకు తగ్గాయి. ఈవిడలో దెబ్బతిన్నది ఆ ఒడుపే. అలాగని ఊరుకోదు అది. తిన్నగా ఉన్న ముఖం కనబడితే చాలు, విరిగిన కాలుతోనే ముందుకొచ్చి దారికి అడ్డం పడుతుంది. తలకిందుల ముఖానికి అది నిద్రలేవదు. ఆ కాసేపు ఈవిడ ముక్కలు పట్టుకుని పని చేసుకుంటుంది. ఈ జబ్బున్న అందరిలో ఇలా ఉండదు. ఈవిడలో ఉంది.

“నటించేవాళ్ళకి ఇది తెలిసే దారి లేదు సార్,” అంది. “నటించేవాళ్ళు తేలికవాటిలో తప్పు చెబితే, కష్టమైనవాటిలో ఇంకా ఎక్కువ తప్పు చెబుతారు. కావాలని తప్పు చెప్పేవాళ్ళకి ఇరవై కంటే బాగా కిందికి పోతాయి. కష్టమైనదాంట్లో బాగా చేద్దామని ఏ అబద్ధాలకోరుకీ తోచదు.”

కళ్ళజోడు సారు కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాశాడు. అభియోగం నిలవదు, జబ్బు నిజమే అన్నాడు. మేనేజరు మాత్రం చాలా తేలిగ్గా ఇంకో మెట్టు దిగిపోయాడు. జబ్బు నిజమైతే మంచిదే సార్, మనుషుల్ని పోల్చుకోలేని మనిషి కిటికీకి పనికిరాదు కదా, జబ్బు కింద ఇంటికి పంపేద్దాం, ఆవిడకీ విశ్రాంతి అన్నాడు. నిన్నటిదాకా అన్నీ తెలిసిన దొంగ, ఇవాళ ఏమీ చేతకాని రోగి. మధ్యలో మనిషిగా నిలబడడానికి ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు.

అందరూ లేస్తున్నారు. స్టోరక్క లేవలేదు.

“నాకు జబ్బుంది. నేను పనికొస్తాను. రెండూ నిజమే,” అంది. “ఒకటి ఒప్పుకున్నారు కదాని రెండోది లాక్కోకండి. ఆ రోజు రెంచి పోయింది నా జబ్బు వల్ల కాదు. నేను దాచడం వల్ల, వాళ్ళు బిళ్ళ తేకపోవడం వల్ల. రేపు కిటికీ దగ్గరికి రండి సార్. ఇక్కడ ఫొటోలతో చూశారు, అక్కడ పనిముట్లతో చూడండి.”

కళ్ళజోడు సారు గడియారం చూసుకున్నాడు. రేపు పది గంటలకి వస్తానన్నాడు.

మర్నాడు ఆయన కిటికీ బయట నిలబడి పనిముట్ల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. మొదటి మూడింటికి స్టోరక్క గోడ వైపు చూస్తూ తడబడింది. మేనేజరు ముఖంలో నవ్వు ఆమెకు కనబడిందో లేదోగానీ, ముక్కుతో నవ్విన చప్పుడు మాత్రం వినబడింది. ఆమె కళ్ళు మూసుకుంది. అక్కణ్ణుంచి చేతులే నడిచాయి. పదమూడో నంబరు స్పానరూ పద్నాలుగో నంబరు స్పానరూ కంటికి ఒకేలా ఉంటాయి, బాగున్న కళ్ళకే ఒకేలా ఉంటాయి. ఆమె బొటనవేలు చెక్కిన అంకె మీద ఒకసారి పాకేది, తీసేది. పుల్లరు, ఫీలర్ గేజి, ప్లగ్గు పానా, సుత్తి పెద్దది, సుత్తి రాగిది. ఇరవై నాలుగు పనిముట్లు, ఒక్కటీ తప్పలేదు. చివరికొచ్చేసరికి ఆయన చదవడం కంటే ఆమె ఇవ్వడమే ముందయింది.

“కళ్ళు తెరిస్తే అవి అడ్డం వస్తున్నాయి సార్,” అంది. “మనుషులంటారా, బిళ్ళ చెబుతుంది, గొంతు చెబుతుంది. కంప్రెసరు నడిచేటప్పుడు పక్కకొచ్చి నా చెవిలో పేరు చెప్పాలి. బిళ్ళ లేనివాడికి మేకు కూడా ఇవ్వను. మీరొచ్చినా ఇవ్వను.”

మూడు నెలలు చూద్దామని ఆయన రాసిచ్చాడు. షరతులన్నీ ఆమె చెప్పినవే, ఆమె మాటల్లోనే.

సోమవారం పొద్దున స్టోరక్క ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి కిటికీకి తగిలించింది. నాకు ముఖాలు తెలియవు, బిళ్ళ పెట్టి పేరు చెప్పండి అని. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు. ఆ వారమంతా నవ్వుతో కప్పిన మాట, మూడు గజాల దూరం నుంచి కనబడేలా వేలాడింది.

మొదట్లో వరసంతా వేళాకోళం. ఒకడు తన బిళ్ళ పెట్టి, పక్కవాడి పేరు చెప్పాడు. బిళ్ళేమో పదిహేడంటోంది, నోరేమో ఇరవై రెండంటోంది, ఇద్దరూ మాట్లాడుకుని రండి అని బిళ్ళ వెనక్కి తోసింది. ఇంకొకడు గొంతు మార్చి ఆడపిల్లలా పేరు చెబితే, మీ ఆవిడకి పంపమంటావా ఈ గొంతు అంది. పది నిమిషాల్లో వేళాకోళం చప్పబడింది, వరస కదిలింది.

తర్వాత ఒక బిళ్ళ కిటికీలో చప్పుడయింది. పేరు రాలేదు. స్టోరక్క చూసింది. కళ్ళు, ముక్కు, నోరు. ఆగింది. వెనకనుంచి ఎవరో తొందర పెడితే కూడా ఆగింది.

“గ్రీజుబాబాయిని,” అన్నాడాయన చివరికి. ముప్పై ఏళ్ళలో ఆ కిటికీ దగ్గర తనెవరో చెప్పుకోవడం అదే మొదలు. చాలా చిన్న గొంతుతో చెప్పాడు. “అక్కా, నిజంగానే నీకు తెలియదా నేను?”

“గొంతు విన్నాక తెలిసింది బాబాయి. అంతకుముందు తెలియలేదు.”

“షెడ్డులో వరసగా నిలబెట్టిన రోజు, నా ముందు రెండుసార్లు ఆగావు. కళ్ళలోకి చూశావు.”

“అందరి ముందూ ఆగాను. అందరివీ చూశాను.”

ఆయన రెండు చేతులూ కిటికీ చెక్క మీద పెట్టాడు. “నన్ను కాపాడావనుకున్నాను. రెంచి నేనే పట్టుకెళ్ళాను. బస్సు కింద దిగి పనిచేసే గుంతలో రాతిమీద పడి దాని తల విరిగింది. ముప్పై ఏళ్ళ సర్వీసని చెప్పడానికి సిగ్గేసి దాచాను. నువ్వు నా పేరు చెప్పకపోతే, అక్క నాకోసం నోరు కట్టేసుకుందనుకున్నాను. నిన్ను ఇంటికి పంపినా, నాకోసమే భరిస్తోంది, ఇప్పుడు నేను చెబితే ఆవిడ చేసిందంతా వృథా అనుకుంటూ కూచున్నాను.”

స్టోరక్కకు ముందు ఒళ్ళు మండింది. డ్రైవరు నుదుటి మీది కుట్లు, గుమ్మంలో బైఠాయించిన రోజు, వేళ్ళకి చుట్టిన తీగలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. తను ఆయన్ని చూడనే లేదు. ఆయనేమో ఆ చూడనిచూపు మీద ఇన్ని వారాలు బతికాడు. తనూ అంతేగా, ఒక నవ్వు మీద వారం రోజులు బతికింది. దాచినవాళ్ళు ఇద్దరూ దాచారు, చక్రం మధ్యలో ఊడింది.

బల్లమీదనుంచి ఒక తెల్లకాగితం, పెన్నూ తీసి కిటికీలోంచి తోసింది.

“ఇప్పుడు నాతో చెప్పిందంతా రాయి బాబాయి. కళ్ళజోడు సారు ఇవాళ ఆఫీసులోనే ఉన్నారు. నువ్వే రాయాలి, నువ్వే తీసుకెళ్ళాలి. నేను సాక్ష్యం చెప్పలేను, నీ ముఖం నేను చూడలేదు.”

ఆయన కాగితం వైపు కాసేపు చూశాడు. పెన్ను తీసుకుని పక్కకి జరిగి, గోడకి ఆనించి రాయడం మొదలెట్టాడు. పెన్ను కాగితం మీద గీరుకుంటున్న చప్పుడు కిటికీ లోపలికి వినబడుతూనే ఉంది.

“తర్వాత ఎవరు?” అంది స్టోరక్క. “గట్టిగా చెప్పండి, కంప్రెసరు వేస్తున్నారు.”